అసోసియేట్ కంపెనీ లెక్క: క్యారీయింగ్ అమౌంట్‌ను ఏటా రెండు దారుల్లో తేల్చుకోవడం ఎలా?

కన్సాలిడేటెడ్ బ్యాలెన్స్ షీట్‌లో "అసోసియేట్‌లో పెట్టుబడి" అని ఒక్క లైను ఉంటుంది. మొదటి ఏడు ఆ అంకె ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. నాలుగో ఏడు వచ్చేసరికి ఫైల్ చూసిన మనిషి మారిపోతాడు, ఎక్సెల్ షీట్‌లో పాత అంకెలు మాత్రం మిగులుతాయి. అప్పుడు ఆడిటర్ "ఈ అంకెలో ఏముంది, విడదీసి చూపించండి" అంటే టెన్షన్ మొదలవుతుంది.

దీనికి మందు ఒక్కటే. ప్రతి మార్చి 31న క్యారీయింగ్ అమౌంట్‌ను రెండు వేర్వేరు దారుల్లో లెక్కగట్టాలి. మొదటి దారిలో నిరుటి ముగింపు అంకెతో మొదలుపెట్టి, ఈ ఏటి లాభంలో వాటా కలిపి, డివిడెండ్ తీసేస్తూ ముందుకు రావాలి. రెండో దారిలో పాత అంకెను ముట్టుకోకుండా, ఈ రోజున అసోసియేట్ నికర ఆస్తుల్లో మన వాటా ఎంతో చూసి, దాని మీద గుడ్‌విల్ లాంటివి పేర్చాలి. రెండూ రూపాయితో సహా కలవాలి. కలవకపోతే ఆ తేడాయే తప్పు ఎక్కడుందో చాలావరకు చెప్పేస్తుంది.

ఒక ఉదాహరణను మూడేళ్లపాటు నడిపిస్తాను. జీడిమెట్లలో మందులు తయారుచేసే ఒక లిస్టెడ్ కంపెనీ ఉందనుకోండి; దాన్ని "మనం" అందాం. పాశమైలారంలో మందుల ప్యాకింగ్ సామగ్రి చేసే ఒక ప్రైవేట్ కంపెనీలో 2021 ఏప్రిల్ 1న మనం 30 శాతం వాటా కొన్నాం. ధర 1,200 లక్షలు. రెండు కంపెనీలూ, అంకెలూ ఊహించినవే. ఇక్కడి నుంచి అన్ని అంకెలూ లక్షల్లో ఉంటాయి.

ముందు: ఇది అసోసియేటేనా, లెక్క ఏ పుస్తకంలో?

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 2(6) ప్రకారం మొత్తం ఓటింగ్ పవర్‌లో కనీసం 20 శాతం చేతిలో ఉన్నా, ఒప్పందం ద్వారా వ్యాపార నిర్ణయాల్లో పాలుపంచుకునే హక్కు ఉన్నా అది అసోసియేట్. ఇండ్ ఏఎస్ 28 కూడా 20 శాతం నుంచి గణనీయమైన ప్రభావం ఉన్నట్టే భావిస్తుంది, లేదని స్పష్టంగా చూపించగలిగితే తప్ప. మనకు 30 శాతం ఉంది, బోర్డులో ఒక డైరెక్టర్ కూడా ఉన్నాడు. అనుమానం లేదు.

ఇక్కడే చాలామంది తడబడతారు. లాభంలో వాటా కలిపి, డివిడెండ్ తీసే ఈ పద్ధతినే ఈక్విటీ మెథడ్ అంటారు. అది స్టాండలోన్ పుస్తకాల్లోకి, అంటే మన ఒక్క కంపెనీ పుస్తకాల్లోకి రాదు. ఇండ్ ఏఎస్ 27 ప్రకారం స్టాండలోన్‌లో ఈ పెట్టుబడిని ఖరీదుకైనా చూపాలి, ఇండ్ ఏఎస్ 109 ప్రకారమైనా చూపాలి. ఐఎఫ్ఆర్ఎస్‌లో ఉన్న మూడో దారి, అంటే స్టాండలోన్‌లోనూ ఈక్విటీ మెథడ్ వాడుకునే వీలు, మన ప్రమాణంలో తీసేశారు. కాబట్టి ట్యాలీలోనో ఎస్ఏపీలోనో మన పెట్టుబడి ఖాతా ఏళ్ల తరబడి 1,200 దగ్గరే ఉంటుంది. ఈ కథంతా కన్సాలిడేషన్ వర్కింగ్స్‌లోనే నడుస్తుంది. సబ్సిడియరీ ఒక్కటీ లేకపోయినా, అసోసియేట్ ఉంటే సెక్షన్ 129(3) కింద కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్లు తయారుచేయాలి.

మొదటి అడుగు: కొన్న రోజున 1,200ని విడగొట్టడం

ఈ పని కొన్న ఏడాదిలోనే చేసి, కాగితం మీద పెట్టి, సంతకం చేయించి దాచాలి. రెండేళ్ల తర్వాత కూర్చుంటే, కొన్న రోజున యంత్రాల విలువ ఎంతో చెప్పేవాళ్లు దొరకరు.

కొన్న రోజున అసోసియేట్ పుస్తకాల్లో నికర ఆస్తులు 3,000. వాల్యుయర్ చూసి, యంత్రాల ఫెయిర్ వాల్యూ పుస్తకాల విలువ కంటే 480 ఎక్కువ అన్నాడు. వాటికి ఇంకా 6 ఏళ్ల ఆయుష్షు ఉంది. ఈ 480 మీద డిఫర్డ్ ట్యాక్స్ తీసేయాలి. తక్కువ పన్ను రేటు ఎంచుకున్న దేశీయ కంపెనీకి అసలు రేటు 25.168 శాతం, లెక్క తేలిగ్గా ఉండటానికి 25 శాతం వేసుకుందాం. పన్ను 120 పోను 360 మిగిలింది. అంటే ఫెయిర్ వాల్యూ ప్రకారం నికర ఆస్తులు 3,360. అందులో మన 30 శాతం 1,008. మనం పెట్టింది 1,200. పైన పెట్టిన 192 గుడ్‌విల్.

కాబట్టి మన 1,200లో మూడు భాగాలున్నాయి: పుస్తకాల నికర ఆస్తుల్లో వాటా 900, యంత్రాల పెంపులో వాటా 108, గుడ్‌విల్ 192. ఈ మూడింటి ప్రవర్తన వేరువేరు. 900 అసోసియేట్ లాభనష్టాలతో పాటు పెరుగుతుంది, తరుగుతుంది. 108 ఆరేళ్లలో ఏడాదికి 18 చొప్పున కరిగిపోతుంది. 192 కదలదు, ఇండ్ ఏఎస్‌లో ఈ గుడ్‌విల్‌ను ఏటా తగ్గించరు, బ్యాలెన్స్ షీట్‌లో విడిగా చూపరు, ఇంపెయిర్‌మెంట్‌కు విడిగా పరీక్షించరు కూడా.

మనం పెట్టిన ధర 1,008 కంటే తక్కువై ఉంటే ఆ తేడా కాపిటల్ రిజర్వ్‌కు నేరుగా వెళ్తుంది. ఐఎఫ్ఆర్ఎస్‌లో అది లాభంలో వాటాలోకి వస్తుంది. విదేశీ పుస్తకం చూసి ఉదాహరణ దించుకునేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి.

రెండో అడుగు: మొదటి ఏడు, డివిడెండ్ చిక్కు

2021-22లో అసోసియేట్ పన్ను పోను లాభం 500. ఓసీఐలో, అంటే ఇతర సమగ్ర ఆదాయంలో, గ్రాట్యుటీ వాల్యుయేషన్ వల్ల 10 నష్టం వచ్చింది. 2021 సెప్టెంబర్ ఏజీఎంలో 100 డివిడెండ్ ప్రకటించి ఇచ్చేశారు.

లాభంలో మన వాటా 150. ఇందులోంచి యంత్రాల పెంపుపై అదనపు తరుగు తీయాలి. 480ని ఆరేళ్లకు పంచితే ఏటా 80, పన్ను పోను 60, అందులో మన 30 శాతం 18. అసోసియేట్ పుస్తకాల్లో ఈ తరుగు ఉండదు, ఎందుకంటే ఆ పెంపు వాళ్ల పుస్తకాల్లోనే లేదు. మనం ఎక్కువ ధర పెట్టి కొన్నాం కాబట్టి ఇది మన లెక్కలోనే పడాలి. నికరంగా లాభంలో వాటా 132. ఓసీఐలో వాటా మైనస్ 3. ఇది లాభనష్టాల ఖాతాలో కలవకూడదు, మన ఓసీఐలోనే విడిగా చూపాలి.

గమనించండి, ఈ 150 పన్ను పోయాక మిగిలిన లాభంలోంచి వచ్చింది. మన లాభనష్టాల ఖాతాలో ఈ లైను మన పన్ను ఖర్చుకు పైన కనిపిస్తుంది గనుక, కొందరు అసోసియేట్ పన్నుకు ముందు లాభం తీసుకుని వాటా వేస్తారు. అది తప్పు.

ఇప్పుడు డివిడెండ్. మన వాటా 30. సెప్టెంబర్‌లో ప్రకటించిన ఈ డివిడెండ్ నిజానికి 2020-21 లాభం మీద, అంటే మనం వాటా కొనకముందు సంపాదించిన దాని మీద ఇచ్చింది. అయినా ఈక్విటీ మెథడ్‌లో లెక్క మారదు: అసోసియేట్ నుంచి వచ్చిన డివిడెండ్ ఏ ఏటి లాభానిదైనా క్యారీయింగ్ అమౌంట్‌ను తగ్గిస్తుంది. వాళ్ల నికర ఆస్తులు 100 తగ్గాయి, అందులో మన 30 మన చేతికి వచ్చింది, అంతే. స్టాండలోన్‌లో మాత్రం అదే 30 డివిడెండ్ ఆదాయం. ఈ ఆదాయాన్ని కన్సాలిడేషన్‌లో తప్పక తీసేయాలి, లేకపోతే ఒకే డబ్బు రెండు రూపాల్లో ఆదాయంగా కనిపిస్తుంది. ఎంట్రీ: ఇతర ఆదాయం డెబిట్ 30, పెట్టుబడి క్రెడిట్ 30.

ఇందులోనే ఒక చిన్న ఉచ్చు ఉంది. అసోసియేట్ 10 శాతం టీడీఎస్ కోసి మన బ్యాంకులో 27 వేసింది. బ్యాంక్ స్టేట్‌మెంట్ చూసి 27 తగ్గించేవాళ్లున్నారు. తగ్గించాల్సింది 30. ఆ 3 మనకు రావలసిన పన్ను క్రెడిట్, అదీ మనదే.

ముగింపు అంకె: 1,200 + 132 − 3 − 30 = 1,299.

ఇక రెండో దారి. 2022 మార్చి 31న అసోసియేట్ నికర ఆస్తులు 3,000 + 500 − 10 − 100 = 3,390. ఈ అంకెను మనం లెక్కగట్టకూడదు, వాళ్ల ఆడిటెడ్ బ్యాలెన్స్ షీట్ నుంచే ఎత్తుకోవాలి. 30 శాతం 1,017. యంత్రాల పెంపులో మిగిలింది 108 − 18 = 90. గుడ్‌విల్ 192. మొత్తం 1,299. కలిసింది.

మూడో అడుగు: రెండో ఏడు, అమ్ముడుపోని సరుకులో లాభం

కన్సాలిడేషన్ ఎంట్రీలు పుస్తకాల్లో ఉండవు కాబట్టి, రెండో ఏడు మొదలవగానే స్టాండలోన్ ట్రయల్ బ్యాలెన్స్‌లో మళ్లీ 1,200 ప్రత్యక్షమవుతుంది. ముందుగా నిరుటి 99 తేడాను ఓపెనింగ్‌లోకి ఎక్కించాలి: పెట్టుబడి డెబిట్ 99, ఓసీఐ రిజర్వ్ డెబిట్ 3, ఓపెనింగ్ రిటైన్డ్ ఎర్నింగ్స్ క్రెడిట్ 102. ఇది మర్చిపోతే నిరుటి ముగింపు రిజర్వులు, ఈ ఏటి ప్రారంభ రిజర్వులు పొసగవు. సాధారణంగా ఇదంతా ఈక్విటీ మార్పుల స్టేట్‌మెంట్ తయారుచేసే రాత్రే బయటపడుతుంది.

2022-23లో అసోసియేట్ లాభం 600, డివిడెండ్ 150, ఓసీఐ ఏమీ లేదు. కొత్త విషయం ఒకటుంది. అసోసియేట్ దగ్గర మనం అల్యూమినియం ఫాయిల్, కార్టన్లు కొంటున్నాం. మార్చి 31న మన గోదాంలో వాళ్ల సరుకు 160 విలువైనది మిగిలింది. వాళ్లకు అది 120కి తయారైంది. ఆ 40 లాభాన్ని వాళ్లు తమ లాభంలో చూపించేశారు, కానీ సరుకు ఇంకా బయటివాళ్లకు చేరలేదు. అందుకే అందులో మన వాటా మేరకు లాభం వెనక్కి తీయాలి. పన్ను పోను 30, మన 30 శాతం 9. మొత్తం 40 తీసేయడం సబ్సిడియరీ పద్ధతి. అసోసియేట్‌కు మన వాటా మేరకే.

లాభంలో వాటా: 180 − 18 − 9 = 153. డివిడెండ్‌లో వాటా 45. ముగింపు: 1,299 + 153 − 45 = 1,407.

రెండో దారి: నికర ఆస్తులు 3,390 + 600 − 150 = 3,840. 30 శాతం 1,152. యంత్రాల పెంపు 72, గుడ్‌విల్ 192, అమ్ముడుపోని సరుకు లాభం మైనస్ 9. మొత్తం 1,407.

ఆ 9ని పెట్టుబడిలోంచి తీయాలా, మన సరుకు నిల్వలోంచి తీయాలా అన్నది ప్రమాణం విడమరిచి చెప్పలేదు. నేను పెట్టుబడిలోంచే తీయడాన్ని ఇష్టపడతాను, ఎందుకంటే అప్పుడు మొత్తం కథ ఒక్క షీట్‌లో ఉంటుంది. ఏది ఎంచుకున్నా ఏటా అదే పాటించాలి.

నాలుగో అడుగు: నష్టం వచ్చిన ఏడు

2023-24లో అసోసియేట్‌కు 400 నష్టం వచ్చింది. డివిడెండ్ లేదు. నిరుటి సరుకు మనం వాడేసి మందులు అమ్మేశాం కాబట్టి ఆ 9 ఇప్పుడు తిరిగి వస్తుంది. వాటా: −120 − 18 + 9 = −129. ముగింపు 1,278. రెండో దారిలో: 3,440లో 30 శాతం 1,032, యంత్రాల పెంపు 54, గుడ్‌విల్ 192, మొత్తం 1,278.

మూడేళ్లూ ఒకచోట పెడితే షీట్ ఇలా ఉంటుంది.

| వివరం | 2021-22 | 2022-23 | 2023-24 |
|---|---|---|---|
| ప్రారంభం | 1,200 | 1,299 | 1,407 |
| లాభనష్టాల్లో వాటా | 150 | 180 | −120 |
| అదనపు తరుగు | −18 | −18 | −18 |
| అమ్ముడుపోని సరుకు లాభం | 0 | −9 | 9 |
| ఓసీఐలో వాటా | −3 | 0 | 0 |
| డివిడెండ్ | −30 | −45 | 0 |
| ముగింపు | 1,299 | 1,407 | 1,278 |
| నికర ఆస్తుల్లో వాటా | 1,017 | 1,152 | 1,032 |
| మిగిలిన యంత్రాల పెంపు | 90 | 72 | 54 |
| గుడ్‌విల్ | 192 | 192 | 192 |
| సరుకులో మిగిలిన లాభం | 0 | −9 | 0 |
| తేడా | 0 | 0 | 0 |

ఎక్సెల్‌లో మొదటి వరుస శీర్షిక అయితే, బి కాలమ్‌లో ముగింపు ఎనిమిదో వరుసలో, తేడా పదమూడో వరుసలో వస్తాయి:

```
B8:  =SUM(B2:B7)
C2:  =B8
B13: =B8-SUM(B9:B12)
```

తొమ్మిదో వరుసలోని నికర ఆస్తుల వాటాను పై వరుసల నుంచి ఫార్ములాతో లాగకండి. అలా లాగితే తేడా ఎప్పుడూ సున్నాయే వస్తుంది, తనిఖీకి అర్థం ఉండదు.

నష్టం వచ్చిన ఏడు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఈ 1,278 మనకు తిరిగి వస్తుందా? ఒక్క ఏటి నష్టంతోనే విలువ పోయిందని అనలేం. కానీ పెద్ద కస్టమర్ పోయాడనో, బ్యాంకు బాకీ కట్టలేదనో ఆధారం ఉంటే మొత్తం పెట్టుబడిని ఒకే ఆస్తిగా తీసుకుని ఇండ్ ఏఎస్ 36 ప్రకారం పరీక్షించాలి. తిరిగి రాగల మొత్తం 1,150 అని తేలితే 128 ఇంపెయిర్‌మెంట్. దాన్ని గుడ్‌విల్‌కు వేయరు. షీట్‌లో రెండు దారుల్లోనూ విడి వరుస పెట్టండి. తర్వాత విలువ కోలుకుంటే ఆ మేరకు తిప్పి రాసుకోవచ్చు.

నష్టాలు ఆగకుండా వస్తే క్యారీయింగ్ అమౌంట్ సున్నా దగ్గర ఆగుతుంది, మైనస్‌లోకి పోదు. ఉదాహరణకు 90 మిగిలి ఉండగా వాటా నష్టం 130 వస్తే 90 మాత్రమే చూపి, 40ని విడిగా రాసి పెట్టుకోవాలి. మరుసటి ఏడు వాటా లాభం 25 వస్తే మనం ఏమీ చూపకూడదు, 40 కాస్తా 15 అవుతుంది. ఆ తర్వాతి ఏడు 45 వస్తే 15 పోను 30 చూపుతాం. ఈ 40 బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడా కనిపించదు గనుక, మనుషులు మారినప్పుడు ముందుగా తప్పిపోయేది ఇదే. అసోసియేట్‌కు గ్యారంటీ ఇచ్చి ఉంటే సున్నా దగ్గర ఆగడం కుదరదు. మన బాధ్యత మేరకు లయబిలిటీ రాయాలి. ఇప్పట్లో తిరిగి తీసుకునే ఉద్దేశం లేని దీర్ఘకాలిక అప్పు ఇచ్చి ఉంటే, షేర్లు సున్నా అయ్యాక మిగతా నష్టం ఆ అప్పు మీద పడుతుంది.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి?

తేడా అంకెనే ముందు చూడండి. 3 వస్తే డివిడెండ్‌ను టీడీఎస్ పోను పెట్టారేమో, లేదా ఓసీఐ వాటా వదిలేశారేమో. సరిగ్గా 18 అయితే యంత్రాల పెంపు పైన కానీ కింద కానీ కదల్లేదు. మార్చి 31కి బోర్డు ప్రతిపాదించిన, ఏజీఎం ఇంకా ఆమోదించని డివిడెండ్‌ను తీసేసి ఉంటే తేడా ఆ డివిడెండ్‌లో 30 శాతం ఉంటుంది. మనం తీసుకోవాల్సింది హక్కు ఏర్పడిన ఏడాదిలోనే.

ఇవేవీ కాకుండా గుండ్రంగా లేని తేడా వస్తే, అసోసియేట్ ఈక్విటీ మార్పుల స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. అందులో మన పై సగంలో లేని వరుస ఏదో ఉంటుంది: పాత ఏడాది తప్పు సవరణో, ఎవరికో కొత్తగా ఇచ్చిన షేర్ల ప్రీమియమో. కొత్త షేర్లు ఇచ్చి ఉంటే మన వాటా 30 శాతం కూడా తగ్గిపోయి ఉంటుంది, ముందు అది సరిచూసుకోవాలి. బయటివాళ్ల చేతిలో క్యుములేటివ్ ప్రిఫరెన్స్ షేర్లు ఉండి, వాటిని ఈక్విటీగా చూపితే, ప్రకటించినా ప్రకటించకపోయినా ఆ డివిడెండ్ పోనే మన వాటా లెక్కగట్టాలి.

కొన్నిసార్లు తేడా లెక్కలో కాక సమయంలో ఉంటుంది. లిస్టెడ్ కంపెనీ వార్షిక ఫలితాలను ఏడాది ముగిసిన 60 రోజుల్లో, అంటే మే 30లోపు ఇవ్వాలి. ప్రైవేట్ అసోసియేట్‌కు సెప్టెంబర్ దాకా ఏజీఎం గడువు ఉంటుంది గనుక వాళ్ల ఆడిట్ నెమ్మదిగా సాగుతుంది. కాబట్టి వాటా కొనే ఒప్పందంలోనే ఏప్రిల్ నెలాఖరుకల్లా ఖాతాలు ఇవ్వాలని రాయించుకోవడం మంచిది. వాళ్ల ఏడాది వేరే తేదీన ముగిస్తే మన తేదీకి తేడా 3 నెలలు దాటకూడదు, మధ్యలో జరిగిన పెద్ద లావాదేవీలు సర్దాలి. ఇండ్ ఏఎస్ వర్తించే కంపెనీకి అసోసియేట్ అయితే వాళ్లకూ ఇండ్ ఏఎస్ వర్తిస్తుంది, అయినా తరుగు పద్ధతి, సరుకు విలువ కట్టే పద్ధతి మనతో సరిపోయాయో లేదో చూడాలి.

ఏఓసీ-1 నింపేటప్పుడు

బోర్డు ఆమోదానికి వెళ్లే ఫైల్‌లో ఏఓసీ-1 పార్ట్ బి ఉంటుంది. అందులో తాజా ఆడిటెడ్ బ్యాలెన్స్ షీట్ ప్రకారం మన వాటాకు చెందే నెట్‌వర్త్ అడుగుతారు. అక్కడ మూడో ఏడు రాయాల్సింది 1,278 కాదు, 1,032. గుడ్‌విల్, యంత్రాల పెంపు మన లెక్కలోవి, వాళ్ల బ్యాలెన్స్ షీట్‌లో లేవు. రెండో దారి వరుసలు సిద్ధంగా ఉన్నవాళ్లకు ఈ అంకె కోసం మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

ఇంకొకటి, అసోసియేట్ పంచని లాభాల మీద మన డిఫర్డ్ ట్యాక్స్. సబ్సిడియరీ విషయంలో డివిడెండ్ ఎప్పుడివ్వాలో మన చేతిలో ఉంటుంది కాబట్టి చాలాసార్లు ఈ పన్ను పెట్టకుండా తప్పించుకోవచ్చు. అసోసియేట్‌లో డివిడెండ్ నిర్ణయం మన చేతిలో లేదు, కాబట్టి ఇప్పట్లో లాభాలు పంచకూడదన్న ఒప్పందం ఏదైనా ఉంటే తప్ప, ఇండ్ ఏఎస్ 12 ప్రకారం లయబిలిటీ పెట్టాల్సి వస్తుంది. మూడో ఏడు చివర క్యారీయింగ్ అమౌంట్‌కూ 1,200కూ మధ్య తేడా 78 ఉంది. పన్ను లెక్క చూసేవారికి ఇదే షీట్ పంపి, ఆ 78 నుంచే మొదలుపెట్టమనండి.